కుడి చెవిలో కందిరీగ

హెడ్‌ఫోన్ ఇంటికొచ్చి అయిదో రోజు. ఆర్డర్ పేజీలో చూస్తే మార్చుకునే గడువు ఏడు రోజులే ఉంది. అప్పటిదాకా రోజూ పాటలు వింటూనే ఉన్నాను, పెద్ద ఫిర్యాదేమీ లేదు. మృదంగంలో ఎడమ మూత గట్టిగా మోగినప్పుడు మాత్రం కుడి చెవి దగ్గర ఏదో గరగరమన్నట్టు ఉండేది. పాత రికార్డింగు కదా, టేపులోనే ఉందేమో అని సరిపెట్టుకున్నాను. ఆదివారం ఇంటికొచ్చిన మేనల్లుడు డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తాడు. సంగతి విని నవ్వాడు. "పాటలతో ఏం తేలుతుంది మావయ్యా? టోన్ పెట్టి విను. రెండు రోజులే ఉందంటున్నావు."

వాడన్నది నిజమే. పెళ్ళి ఊరేగింపులో ఒకరి పట్టీకి మువ్వ వదులైతే ఆ తేడా ఎవరికి వినిపిస్తుంది? పాటలో ఒకేసారి పది వాద్యాలుంటాయి, వాటన్నిటి మధ్య లోపం దాక్కుంటుంది. టోన్ అంటే ఒకే ఒక్క స్వరం, ఈల వేసినంత నున్నగా ఉంటుంది. అందులో కొంచెం గరుకు తగిలినా అది హెడ్‌ఫోన్ కలిపిందే. ఈ టోన్లకు రూపాయి ఖర్చు లేదు. audiocheck.net అనే సైటులో హెడ్‌ఫోన్ల కోసమే చేసిన పరీక్షలున్నాయి. కంప్యూటర్ ఉంటే Audacity అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మనమే తయారుచేసుకోవచ్చు. నేను రెండో దారి పట్టాను. ఏ క్షణంలో ఏ స్వరం మోగుతోందో లెక్క మన చేతిలోనే ఉంటుందని.

మొదలుపెట్టే ముందు వాల్యూమ్ సంగతి. ఎవరైనా మాట్లాడే వీడియో పెట్టి, మాట హాయిగా వినిపించే చోట వాల్యూమ్ ఆపి, ఇక దాని జోలికి వెళ్ళకూడదు. 20 హెర్ట్జ్ దగ్గర బాగా లోతైన స్వరమూ, 15,000 దాటిన సన్నని స్వరమూ చెవికి సరిగా అందవు. వినపడట్లేదు కదా అని వాల్యూమ్ పెంచితే, మరుక్షణం మధ్య స్వరం వచ్చి చెవిలో సూదిలా దిగుతుంది. నలభై దాటినవాళ్ళకు ఆ సన్నని స్వరాలు అసలే వినిపించకపోవచ్చు. అది వయసు, హెడ్‌ఫోన్ తప్పు కాదు.

ముందుగా రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూశాం. ఒకే ధ్వనిని రెండు చెవులకూ సమానంగా పంపితే అది తల మధ్యలో, నుదుటి వెనకాల మోగుతున్నట్టు ఉండాలి. Audacityలో Generate మెనూలోని Chirp ఎంచుకుని, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా మెల్లగా పైకెక్కే స్వరం తయారుచేశాడు మేనల్లుడు. Amplitude దగ్గర 0.3 పెట్టాడు. కళ్ళు మూసుకుని విన్నాను. మొదట్లోనే, ఆ లోతైన హోరు కుడివైపు జరిగి ఉంది. స్వరం పైకెక్కేకొద్దీ మధ్యకు వచ్చేసింది. మళ్ళీ చాలా పైన, ఏడెనిమిది వేల హెర్ట్జ్ దగ్గర, కాసేపు ఎడమకీ కుడికీ ఊగింది.

దొరికింది దొంగ అనుకున్నాను. "కళ్ళజోడు తీసి విను మావయ్యా" అన్నాడు వాడు.

తీసి వింటే హోరు మధ్యకు వచ్చి కూర్చుంది. నా కళ్ళజోడు ఎడమ కాడ కొంచెం వంగి ఉంది, దానివల్ల ఎడమ కుషన్ చెవి చుట్టూ పూర్తిగా అంటడం లేదు. చెవి చుట్టూ మూసుకునే హెడ్‌ఫోన్లలో ఆ చిన్న సందు చాలు, లోతైన స్వరాలు అందులోంచి జారిపోతాయి. చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్‌లకైతే రబ్బరు టిప్ సైజు కుదరకపోతే ఇదే జరుగుతుంది. ఒక పక్క బేస్ తక్కువైందని వాపసు పంపేవాటిలో ఇలాంటివి ఎన్నో అని నా అనుమానం.

మరి పైస్థాయిలో ఊగినదాని సంగతేమిటి? ఇక్కడ అన్నిటికన్నా పనికొచ్చే చిట్కా ఒకటుంది: హెడ్‌ఫోన్‌ను తిరగేసి పెట్టుకోవడం. ఎడమ కప్పు కుడి చెవికి, కుడి కప్పు ఎడమ చెవికి. తేడా కప్పుతోపాటు పక్క మారితే తప్పు హెడ్‌ఫోన్‌ది, లేదా దానికి ధ్వని పంపే ఫోనుది. తేడా మారకుండా అదే చెవి దగ్గర ఉండిపోతే అది మన చెవిది, మన తల ఆకారానిది. నాకు ఆ ఊగడం అదే పక్కన ఉండిపోయింది, కాబట్టి నాదే. అంత సన్నని స్వరాల దగ్గర చెవి డొప్ప మడతలు, కప్పు కూర్చున్న తీరు ధ్వనిని అటూ ఇటూ మార్చేస్తాయి. ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్‌లోనైనా కొంత ఊగుతుంది. అందుకే పక్క తేడాకు తీర్పు చెప్పేది రెండు వేల హెర్ట్జ్ లోపలే. చెవిలో పెట్టుకునేవాటిని ఇలా తిరగేయడం కుదరదనిపిస్తుంది గానీ, ఒక్క నిమిషం పరీక్షకు చాలావాటిని మెలితిప్పి అటుదిటు పెట్టుకోవచ్చు.

ఫోను వంతు కూడా చూడాలి. Accessibility సెట్టింగులలో ఎడమ కుడి ధ్వనిని సర్దే స్లైడర్ ఉంటుంది. పిల్లల చేతిలో పడి అది ఎప్పుడు పక్కకు జరిగిందో మనకు తెలియదు. అది మధ్యలోనే ఉందో లేదో చూసుకుని, ఇంకో ఫోనుతో కూడా వినాలి. తేడా ఎంతుందో కొలుచుకోవాలంటే Audacityలో ట్రాక్ పక్కనుండే L, R స్లైడర్‌ను స్వరం మధ్యకు వచ్చేదాకా జరపడమే. పది శాతం జరిపితే అవతలి పక్క సుమారు 1 డెసిబెల్ తగ్గుతుంది, ముప్పై శాతానికి సుమారు 3. ఒక డెసిబెల్ తేడాను నేనైతే పట్టించుకోను. మూడు ఉందంటే గాయకుడు వేదిక మధ్య నుంచి లేచి పక్క కుర్చీలో కూర్చున్నట్టే, వెనక్కి పంపాల్సిందే.

ఇంకొక లోపం అరుదు గానీ విచిత్రమైనది. ఫ్యాక్టరీలో ఒక పక్క వైర్లు తారుమారుగా అతికితే ఒక డ్రైవర్ ముందుకు కదిలినప్పుడు రెండోది వెనక్కి కదులుతుంది. ధ్వని రెండు పక్కలా సమానంగానే ఉంటుంది. కానీ మాట్లాడే మనిషి తల మధ్యలో నిలబడడు, చుట్టూ పొగలా పరుచుకుంటాడు, బేస్ పలచబడుతుంది. ఒకే మనిషి మాట వింటే చాలు, తెలిసిపోతుంది.

ఇక నా గరగర. హెడ్‌ఫోన్ కప్పు లోపల డ్రైవర్ అంటే ఒక అయస్కాంతం, దాని సందులో సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన పలచని పొర. సందు మిల్లీమీటరు కూడా ఉండదు. చుట్ట కొంచెం పక్కకు ఒరిగితే గోడకు రాసుకుంటుంది. తయారీలో ఒక వెంట్రుకో, లోహపు రజనో పొర మీద పడితే పొర కదిలినప్పుడల్లా అది కొట్టుకుంటుంది. పొర ఎక్కువగా ఊగేది లోతైన స్వరాలకే, కాబట్టి వెతకాల్సింది కూడా అక్కడే.

మళ్ళీ Chirp తెరిచాం. ఈసారి 20 నుంచి 200 హెర్ట్జ్ వరకే, Interpolation దగ్గర Linear, నిడివి 36 సెకన్లు. అంటే సెకనుకు సరిగ్గా 5 హెర్ట్జ్ చొప్పున ఎక్కుతుంది. మొదటి రెండు మూడు సెకన్లలో కాస్త మొరటుగా వినిపించినా లెక్కపెట్టొద్దన్నాడు మేనల్లుడు. అంత లోతులో మంచి డ్రైవర్లు కూడా కొంత తడబడతాయట. తర్వాత స్వరం నూనెలా సాగింది. పదిహేడో సెకనులో కుడిపక్క జుయ్యిమని మొదలైంది, అగ్గిపెట్టెలో పెట్టిన కందిరీగలాగా. పద్దెనిమిదిన పతాకస్థాయి. ఇరవై దాటేసరికి మాయం. 18 ఇంటూ 5 తొంభై, దానికి 20 కలిపితే 110 హెర్ట్జ్. Generate మెనూలోనే Tone తెరిచి ఉత్త 110 హెర్ట్జ్ పెట్టి చూస్తే కందిరీగ ఆగకుండా మోగింది.

అయినా వెంటనే నమ్మలేదు. తిరగేసి పెట్టుకుంటే ఎడమ చెవికి మారింది. మరో ఫోనుకు పెట్టినా కప్పు అదే, గోల అదే. వాల్యూమ్ సగానికి దించినా పోలేదు. ఎక్కువ వాల్యూమ్ తట్టుకోలేక వచ్చే డిస్టార్షన్ అయితే దించగానే తగ్గేది. కప్పును వేళ్ళతో గట్టిగా పట్టుకుని కూడా చూశాం. అలా ఆగిపోతే లోపలి స్క్రూనో, ప్లాస్టిక్ ముక్కో వదులైందని అర్థం, ఆగలేదు. మా అక్క వింటే రెండు పక్కలా గోల వచ్చింది. చెవి కమ్మలు కప్పుకు తగులుతున్నాయి, తీసేశాక ఆమెకూ కుడి కప్పులోనే వినిపించింది.

నాది వైరు హెడ్‌ఫోన్ కాబట్టి పని సులువైంది. బ్లూటూత్‌దైతే, ధ్వనిని కుదించి పంపేటప్పుడే నున్నని టోన్‌కు కొంచెం గరుకు అంటుకోవచ్చు, కాకపోతే అది రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. బయటి చప్పుడు తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ ఉంటే దాన్ని ఆపి ఒకసారి, వేసి ఒకసారి వినాలి. ఇయర్‌బడ్ చెవిలో నొక్కేటప్పుడు టప్‌మని చిన్న చప్పుడు వస్తే కంగారు పడక్కర్లేదు. లోపలి గాలి ఒత్తిడికి పొర వంగి మళ్ళీ సర్దుకునే చప్పుడది. కొన్ని మోడళ్ళలో మామూలే.

కస్టమర్ కేర్‌లో మాట్లాడినాయన "కొన్ని గంటలు వాడండి సార్, సెట్ అయిపోతుంది" అన్నాడు. రాసుకుంటున్న తీగచుట్ట వాడినకొద్దీ బాగుపడదు, ఈలోగా గడువు మాత్రం అయిపోతుంది. ఫోను మైకును ఎడమ కప్పు దగ్గర పెట్టి పది సెకన్లు, కుడి కప్పు దగ్గర పది సెకన్లు 110 హెర్ట్జ్ మోగించి వీడియో తీశాం. రికార్డింగులో తేడా స్పష్టంగా తెలిసింది. "కుడి కప్పులో 110 హెర్ట్జ్ దగ్గర గోల, రెండు ఫోన్లతో పరీక్షించాం" అని రాసి, ఆ వీడియో జతచేసి ఆరో రోజు ఉదయమే పంపాను. బాగోలేదు అని రాస్తే మళ్ళీ ప్రశ్నలు మొదలవుతాయి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్‌లో అమ్మేవాడు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నాకు అంతదాకా వెళ్ళే అవసరం రాలేదు, సాయంత్రానికే ఒప్పుకున్నారు.

మార్చి పంపినది వచ్చిన గంటలోనే కళ్ళజోడు తీసి అదే ఫైలు పెట్టాను. పద్దెనిమిదో సెకను నున్నగా దాటిపోయింది. స్వరం మాత్రం మధ్య నుంచి రవ్వంత ఎడమకు ఉంది. స్లైడర్ జరిపి చూస్తే ఎనిమిది శాతం. ఉంచేసుకున్నాను.