బోల్టు తెగదు, కాంక్రీటు లేస్తుంది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. ఇనుప షెడ్ల డిజైన్‌కు వాడే భారతీయ ప్రమాణం ఆ నగరానికి చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. రేకుల షెడ్డు తేలిక. అంతటి గాలి పైకప్పు మీదుగా పోతుంటే రేకులను పైకి పీలుస్తుంది, అదే సమయంలో గోడల్ని పక్కకు నెడుతుంది. ఈ రెండు బలాలూ స్తంభం గుండా కిందికి దిగి, చివరకు బేస్ ప్లేటు కింద కాంక్రీటులో పాతిన నాలుగు బోల్టుల మీదికి చేరతాయి. బోల్టులు ఎంత లావున్నాయో అందరూ అడుగుతారు. ఆ బోల్టుల చుట్టూ కాంక్రీటు ఎంతుందో అడిగేవాళ్లు తక్కువ.

కాంక్రీటు పోసేటప్పుడే నిలబెట్టి పాతిన బోల్టును పైకి లాగితే మూడు రకాలుగా ఓడిపోవచ్చు. ఇనుము సాగి తెగవచ్చు. అది కాస్త మంచి ఓటమి, ఎందుకంటే తెగేముందు సాగి హెచ్చరిక ఇస్తుంది. రెండోది పుల్-ఔట్. బోల్టు అడుగున ఉన్న తల తన మీది కాంక్రీటును నలిపేసుకుంటూ పైకి జారుతుంది, చుట్టుపక్కల కాంక్రీటు దాదాపు చెక్కుచెదరదు. మూడోది బ్రేక్-ఔట్. మొక్కను గట్టిగా పీకితే వేళ్లతో పాటు మట్టిగడ్డ లేచినట్టు, బోల్టు తన చుట్టూ ఒక శంకువంత కాంక్రీటును పట్టుకుని లేస్తుంది. నలుపుడుకు గట్టిగా నిలిచే కాంక్రీటు లాగుడుకు అందులో దాదాపు పదో వంతే తట్టుకుంటుంది. అందుకే ఈ ఓటమి ముందు చెప్పకుండా ఒక్కసారిగా వస్తుంది.

ఆ శంకువు ఆకారాన్ని ఒకప్పుడు 45 డిగ్రీల వాలుతో ఊహించేవారు. ఫుక్స్, ఎలిగెహౌసెన్, బ్రీన్ అనే ముగ్గురు 1995లో ప్రచురించిన పద్ధతిలో వాలు పైతలం నుంచి సుమారు 35 డిగ్రీలు. అంటే బోల్టు లోతు ఎంతుంటే దానికి ఒకటిన్నర రెట్ల దూరం వరకు పైన కాంక్రీటు పెళ్లగిలుతుంది. ఆ పద్ధతి 2002లో అమెరికా కాంక్రీటు ప్రమాణంలోకి వచ్చింది. ఇక్కడి లెక్కలు దాని ప్రకారమే, పగుళ్లున్న కాంక్రీటుగా భావించి చేసినవి. లోతు రెట్టింపు చేస్తే బలం నాలుగింతలు అవుతుందన్న పాత నమ్మకాన్ని కూడా ఇది సరిదిద్దింది. నిజానికి పెరిగేది 2.8 రెట్లే.

ఒక షెడ్డు స్తంభాన్ని తీసుకుందాం. కింద 20 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు, ఒకదానికొకటి 200 మిల్లీమీటర్ల దూరంలో చతురస్రంగా ఉన్నాయి. లోతు 300 మిల్లీమీటర్లు, కాంక్రీటు ఎం25. మామూలు ఇనుపు బోల్టులు నాలుగూ కలిసి తెగడానికి సుమారు 39 టన్నుల లాగుడు కావాలి. ఒక్క బోల్టే విశాలమైన దిమ్మెలో ఉంటే దాని శంకువు 23 టన్నులు మోస్తుంది. అలాంటివి నాలుగైతే 92 టన్నులు రావాలనిపిస్తుంది. కానీ ఒక్కో శంకువు పైన 900 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, బోల్టుల మధ్య దూరమేమో 200. శంకువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే పెద్ద ముద్దగా లేస్తాయి. గుంపు మొత్తానికి దక్కేది 35 టన్నులు.

ఇది కూడా చుట్టూ కావలసినంత కాంక్రీటు ఉంటేనే. మన షెడ్లలో ఎక్కువగా స్తంభం నిలిచేది పెడస్టల్ మీద. అది 500 మిల్లీమీటర్ల చదరమనుకుంటే బోల్టు నుంచి అంచుకు 150 మిల్లీమీటర్లే మిగులుతుంది. శంకువు విప్పుకోవడానికి నాలుగు వైపులా చోటు లేదు. అటువంటప్పుడు లెక్కలో లోతును 300 బదులు 100గానే తీసుకోవాలని ప్రమాణం చెబుతుంది. అప్పుడు బలం 35 టన్నుల నుంచి సుమారు 12.4 టన్నులకు పడిపోతుంది. కాంట్రాక్టరు భద్రత కోసమని బోల్టును 600 మిల్లీమీటర్ల లోతుకు దించినా ఆ అంకె కదలదు, ఎందుకంటే అడ్డు వచ్చింది పెడస్టల్ వెడల్పు.

పుల్-ఔట్ కూడా చూద్దాం. అడుగున ఆరు పలకల తల ఉన్న బోల్టు ఒక్కోటి 7.4 టన్నుల వరకు జారకుండా పట్టుకుంటుంది. అదే బోల్టు చివర కొక్కెంలా వంచిన జె-బోల్టు అయితే, వంపు బాగా పొడుగ్గా ఉన్నా 3.2 టన్నులే. లాగుడుకు ఆ వంపు నెమ్మదిగా నిటారవుతూ కాంక్రీటులోంచి బయటికొస్తుంది. లేచే బలమున్న చోట జె-బోల్టు వాడటం నాకు ససేమిరా ఇష్టం లేదు. అడుగున నట్టుతో మందపాటి వాషర్ ప్లేటు పెడితే ఖర్చు కొద్దిగానే పెరుగుతుంది.

ఇక పక్క తోపు. గాలి నెట్టే దిశలో అంచు 150 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంది. ముందు వరుస రెండు బోల్టులే మొత్తం తోపు మోస్తాయనుకుంటే, ఆ అంచు ముక్క సుమారు 3 టన్నులకే ఊడిపోతుంది. రెండు అంకెలకూ భద్రత కోసం 0.7తో గుణించాలి. అప్పుడు లాగుడుకు 8.7 టన్నులు, తోపుకు 2.1 టన్నులు మిగులుతాయి.

మన స్తంభానికి తుపానులో 7 టన్నుల లాగుడు, 1.2 టన్నుల తోపు వస్తాయనుకుందాం. విడివిడిగా చూస్తే రెండూ హద్దులోపలే. కానీ లాగుడు తన హద్దులో 0.80 వంతు, తోపు 0.56 వంతు వాడుకున్నాయి. రెండూ ఒకేసారి వస్తాయి, ఒకే కాంక్రీటును చీలుస్తాయి. రెండు వంతుల మొత్తం 1.2 దాటకూడదని నియమం, ఇక్కడ 1.36 వచ్చింది. ఒక్కో బలాన్నే చూసి సంతకం పెట్టిన డిజైను ఇక్కడ తప్పుతుంది. రెంటిలో ఒకటి తన హద్దులో ఐదో వంతుకు లోపే ఉంటే మాత్రం దాన్ని వదిలేసి, రెండోదాన్నే చూడవచ్చు.

పెడస్టల్‌ను పెంచడం ఒక దారి. ఎక్కువగా చేయదగ్గది, కాంక్రీటు చీలినా పనిని పెడస్టల్ నిలువు కడ్డీలకు అప్పగించడం. ఇక్కడే లోతు మళ్లీ అక్కరకొస్తుంది. శంకువు పగులు బోల్టు తల దగ్గర మొదలై ఏటవాలుగా పైకి వెళ్లి కడ్డీని దాటుతుంది. కడ్డీ ఆ పగులుకు పైనా కిందా సరిపడా పాతుకుని ఉంటేనే లాగుడును పట్టుకోగలదు. 16 మిల్లీమీటర్ల ఫె500 కడ్డీకి ఎం25 కాంక్రీటులో పూర్తి పట్టుకు సుమారు 780 మిల్లీమీటర్లు కావాలి. 300 మిల్లీమీటర్ల బోల్టుతో పగులుకు పైన కడ్డీ 180 మిల్లీమీటర్లే ఉంటుంది. దానికి పట్టు ఎక్కడిది? బోల్టు 900 మిల్లీమీటర్లదాకా దిగితే ఆ పొడవు దొరుకుతుంది. లేదంటే కడ్డీ పై కొసను కొక్కెంలా వంచి, దానికి తగ్గ లెక్క చూపాలి. కడ్డీ బోల్టుకు దగ్గరగా, లోతులో సగం దూరం లోపు ఉండాలి.

తోపును పట్టేది రింగులు. అవి పెడస్టల్ పై 125 మిల్లీమీటర్ల లోపలే, 10 మిల్లీమీటర్లవి కనీసం మూడు ఉండాలి. సైటులో చాలాసార్లు బోల్టు టెంప్లేటు అడ్డొస్తోందని ఈ పై రింగుల్నే కిందికి జరిపేస్తారు. సెంట్రింగ్ మూసి కాంక్రీటు పోశాక వాటిని చూడటం కుదరదు, కాబట్టి పోత ముందు రోజు టేపు పట్టుకుని పై రింగు ఎక్కడుందో, బోల్టు తల కింద ఎంత లోతులో ఉందో, అంచుకు ఎంత దూరం మిగిలిందో కొలిచి డ్రాయింగు పక్కనే రాసి పెట్టాలి.