పేడలో కప్పెట్టిన తత్వవేత్త

ఎఫెసస్ పట్టణపు తత్వవేత్త హెరాక్లిటస్ ఎలా చనిపోయాడని అడిగితే గ్రీకు పుస్తకాలు చెప్పే కథ ఇది. ఆయనకు మనుషులంటే గిట్టదు. ఊరు వదిలి కొండల్లోకి పోయి ఆకులు, గడ్డి తిని బతికాడు. ఆ తిండి వల్ల ఒళ్ళంతా నీరు పట్టింది. ఊళ్ళోకి దిగి వచ్చి వైద్యులను పొడుపుకథ అడిగినట్టు అడిగాడు: ముసురు పట్టిన వానను కరువుగా మార్చగలరా అని. వాళ్ళకు అర్థం కాలేదు. దాంతో ఆయన పశువుల కొట్టంలోకి వెళ్ళి, పేడ వేడికి ఒంట్లోని నీరు ఇంకిపోతుందని ఆశపడి పేడలో కప్పెట్టుకున్నాడు. నీరు తగ్గలేదు, ప్రాణం పోయింది. అప్పటికి వయసు 60.

ఇది డయోజెనీస్ లాయెర్టియస్ రాసిన తత్వవేత్తల జీవితాల పుస్తకంలో ఉంది. జాడీలో కాపురం ఉన్న డయోజెనీస్ వేరు, ఈయన వేరు. హెరాక్లిటస్ క్రీ.పూ. 500 ప్రాంతంవాడు. లాయెర్టియస్ క్రీ.శ. మూడో శతాబ్దంవాడు. మధ్యలో 700 ఏళ్ళు. పది భాగాల ఆ పుస్తకంలో 80 మందికి పైగా తత్వవేత్తల జీవితాలున్నాయి. చిత్రమేమిటంటే, ఇంతమంది పుట్టుక, చావు, తిండి, తగాదాలు చెప్పిన ఈ పెద్దమనిషి ఎక్కడ పుట్టాడో, ఏం చేసేవాడో మనకు ఏమీ తెలియదు. ఆయన కాలాన్ని కూడా పుస్తకంలో ప్రస్తావించిన చివరి మనుషులను బట్టి అంచనా కట్టిందే.

ఆయన్ను అబద్ధాలకోరు అనడం మాత్రం అన్యాయం. తాను విన్నదీ చదివిందీ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చాలా చోట్ల పేరుతో సహా చెప్పాడు. హెరాక్లిటస్ చావు గురించే ఆయన ఒక కథతో ఆగలేదు. హెర్మిప్పస్ అనే రచయిత ప్రకారం హెరాక్లిటస్ ఎండలో పడుకుని, కుర్రాళ్ళ చేత ఒంటికి పేడ పూయించుకుని, మర్నాడే చనిపోయాడు. నియాంథీస్ ప్రకారం అంటుకున్న పేడ వదలక అలాగే ఉండిపోతే, ఆయన ఎవరో పోల్చుకోలేక కుక్కలు పీక్కుతిన్నాయి. అరిస్టన్ ప్రకారం అసలు ఆ జబ్బు నయమైంది, చనిపోయింది మరో జబ్బుతో. ఒకే మనిషికి ఇన్ని చావులు. హెర్మిప్పస్, నియాంథీస్ ఇద్దరూ లాయెర్టియస్ కన్నా చాలా పాతవాళ్ళే, కానీ హెరాక్లిటస్ పోయిన తరవాత రెండు శతాబ్దాలకు కాస్త అటూ ఇటూగా రాసినవాళ్ళు. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇక్కడ పరిశోధకులు ఒక పని చేశారు. కథను పక్కన పెట్టి, హెరాక్లిటస్ సొంత మాటలను తీసుకున్నారు. ఆయన పుస్తకం పోయింది. ఇతరులు ఉదహరించిన ముక్కలు వంద పైచిలుకు మిగిలాయి. వాటిని కథ పక్కన పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది.

ఆత్మ నీరైపోవడమే దానికి చావు అని ఆయన ఒక చోట అన్నాడు. పొడిగా ఉన్న ఆత్మ అన్నిటికన్నా తెలివైనదని మరో చోట అన్నాడు. అలాంటి మనిషికి కథకుడు ఏ జబ్బు తెచ్చిపెడతాడు? ఒంట్లో నీరు పట్టే జబ్బే. శవాన్ని పేడకన్నా ముందు పారెయ్యాలని ఇంకో ముక్కలో ఉంది. ఆయన ఒంటికి పేడ అంటుకున్నది అక్కడి నుంచే. కుక్కలు తమకు తెలియనివాళ్ళను చూసి మొరుగుతాయని ఇంకొకటి. గుర్తుపట్టక కుక్కలు తినేశాయన్న నియాంథీస్ ముగింపుకు ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు. కోసి, కాల్చి, పైగా కూలి అడిగే వైద్యులను కూడా హెరాక్లిటస్ ఎగతాళి చేశాడు. అందుకని కథలో వైద్యులు తెల్లమొహం వెయ్యాలి. ఆయన మాట అంతుపట్టదని ప్రాచీనులందరూ అనుకునేవారు కాబట్టి వాళ్ళను అడిగే ప్రశ్న పొడుపుకథలా ఉండాలి. జెనెట్ ఫెయిర్‌వెదర్ అనే పండితురాలు 1973లో ఈ చావు కథలోని అంశాలను ఒక్కొక్కటిగా ఆయన మాటలతో ముడిపెట్టి ఒక వ్యాసమే రాశారు.

అంటే ఈ కథ హెరాక్లిటస్ జీవితంలోంచి రాలేదు, ఆయన పుస్తకంలోంచి వచ్చింది. రాసినవాడికి జీవిత వివరాలు దొరకలేదు, పుస్తకం మాత్రం చేతిలో ఉంది. మనిషి ఎలా మాట్లాడాడో అలాగే బతికి, అలాగే చచ్చి ఉంటాడనుకున్నాడు. కాస్త కసి కూడా ఉందని నా అనుమానం. నీరే చావన్నవాడు నీటితోనే పోయాడని చెప్పడంలో ఒక ఎత్తిపొడుపు ఉంది. లాయెర్టియస్‌కు ఇలాంటివి మరీ ఇష్టం. తత్వవేత్తల చావుల మీద స్వయంగా చిన్న చిన్న పద్యాలు కట్టి వాటిని పుస్తకం నిండా చొప్పించాడు. హెరాక్లిటస్ మీదా ఒకటి ఉంది. విడ్డూరమైన చావు లేనివాడి మీద పద్యం రక్తికట్టదు మరి.

అయితే ఈ తాళంచెవి అన్ని తలుపులూ తియ్యదు. హెరాక్లిటస్ వంశపారంపర్యంగా తనకు రావలసిన రాజు పదవిని తమ్ముడికి వదిలేశాడని కూడా లాయెర్టియస్ చెబుతాడు. ఇది కూడా గర్విష్ఠి బొమ్మకు అతికినట్టు సరిపోతుంది, కాబట్టి కల్పనే అనిపిస్తుంది. కానీ ఎఫెసస్‌ను స్థాపించిన వంశంవాళ్ళను తన కాలంలో కూడా రాజులనే పిలిచేవారని, వాళ్ళకు కొన్ని లాంఛనాలు ఉండేవని స్ట్రాబో అనే భూగోళ రచయిత వేరే సందర్భంలో రాశాడు. ఆయనకు హెరాక్లిటస్ కథను నిలబెట్టాలన్న ఉద్దేశం లేదు. కాబట్టి ఆ ఊళ్ళో అలాంటి పదవి ఉన్న మాట నిజం. ఆయన దాన్ని వదిలేశాడన్నది నిజం కావచ్చు. పేడ కథకు ఇలాంటి బయటి సాక్ష్యం ఒక్కటీ లేదు.

తారీఖుల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. కథలను అనుమానించేవాళ్ళు కూడా సంవత్సరం అంకెల్లో కనిపిస్తే నమ్మేస్తారు. హెరాక్లిటస్ 69వ ఒలింపియాడ్‌లో, అంటే క్రీ.పూ. 504-501 మధ్య, మంచి దశలో ఉన్నాడని లాయెర్టియస్ రాశాడు. ఈ లెక్క క్రీ.పూ. రెండో శతాబ్దంలో అపొల్లోడోరస్ కట్టినదని పండితులు అనుకుంటారు. ఆయన పద్ధతి ఇది: మనిషి 40 ఏళ్ళకు ఉచ్చదశకు వస్తాడు. పుట్టిన ఏడు తెలియకపోతే, ఆ కాలంలో జరిగిన పెద్ద సంఘటన ఒకటి చూసి, అప్పటికి ఆయనకు 40 అనుకోవాలి. అక్కడి నుంచి 40 వెనక్కి లెక్కపెడితే పుట్టిన సంవత్సరం దొరుకుతుంది.

పర్మెనిడీస్ అనే మరో తత్వవేత్త విషయంలో ఈ పద్ధతి ఎలా బోల్తా పడుతుందో చూడొచ్చు. ఆయనదీ అదే 69వ ఒలింపియాడ్ అన్నారు. ఆయన ఊరు ఎలియా వెలిసింది క్రీ.పూ. 540 ప్రాంతంలో. దానికి 40 కలిపితే సరిగ్గా ఈ అంకె వస్తుంది. ఈ లెక్కన ఆయన పుట్టింది కూడా ఊరు పుట్టినప్పుడే. ప్లేటో మాత్రం తన సంభాషణల్లో ఒకదానిలో 65 ఏళ్ళ పర్మెనిడీస్ ఏథెన్స్ వచ్చి కుర్రవాడైన సోక్రటీస్‌తో మాట్లాడినట్టు రాశాడు. సోక్రటీస్ క్రీ.పూ. 470 ప్రాంతంలో పుట్టాడు కాబట్టి ఆ భేటీ 450 దగ్గర పడాలి. అప్పుడు పర్మెనిడీస్ పుట్టింది 515 ప్రాంతంలో. రెండు లెక్కలకూ పాతికేళ్ళ తేడా. ప్లేటో సంభాషణ కూడా కల్పనే, నిజమే. కానీ వయసులు కల్పించవలసిన అవసరం ఆయనకు పెద్దగా లేదు, కాబట్టి ఈనాటి పుస్తకాలు ఎక్కువగా ఆయన వైపే మొగ్గుతాయి.

ఇన్ని పుల్లలు పెట్టిన తరవాత లాయెర్టియస్‌కు న్యాయం చెయ్యడం కూడా అవసరం. ఆయన పుస్తకంలో అక్షరం అక్షరం నకలు చేసిన కాగితాలున్నాయి. అరిస్టాటిల్ వీలునామా వాటిలో ఒకటి. దాన్ని అసలైనదిగానే పండితులు ఎక్కువమంది తీసుకుంటారు. అందులో తత్వం ఒక్క ముక్క లేదు. అంతిపేటర్‌ను పెద్దగా పెట్టుకోమన్నాడు. తనతో ఉన్న హెర్పిల్లిస్ కాల్కిస్‌లో ఉంటానంటే ఆ ఇల్లు, స్టాగిరాలో ఉంటానంటే తన తండ్రి ఇల్లు ఇవ్వమన్నాడు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటానంటే తగినవాడికే ఇవ్వమన్నాడు. తనకు సేవ చేసిన కుర్ర బానిసలను అమ్మవద్దని, వయసొచ్చాక విడిచిపెట్టమని చెప్పాడు. ముందే పోయిన భార్య పిథియస్ ఎముకలను, ఆమె కోరినట్టే, తన సమాధిలో చేర్చమన్నాడు. ఎవరినీ ఆకట్టుకోవడానికి రాసిన మాటలు కావివి. వీటిలో ఏదీ ఆయన గ్రంథాల్లోని ఏ వాక్యాన్నీ బొమ్మ కట్టి చూపదు. అదే వీటికి బలం. అదే పుస్తకంలో, అదే అరిస్టాటిల్ 70 ఏట విషం తాగి పోయాడన్న మాట కూడా ఉంది. దాని పక్కనే, జబ్బు చేసి 63 ఏళ్ళకు పోయాడన్న అపొల్లోడోరస్ లెక్కా ఉంది. విషం, 70 ఏళ్ళు సోక్రటీస్‌వి. కథకుడు ఒకరివి తీసి మరొకరికి తగిలించాడు.

రోమన్లదీ ఇదే దారి. అణువుల మీద ఆరు భాగాల లాటిన్ కావ్యం రాసిన లుక్రీషియస్‌కు వశీకరణ మందు పెడితే పిచ్చెక్కిందనీ, పిచ్చి దిగిన వేళల్లో కవిత్వం రాశాడనీ, దాన్ని తరవాత సిసిరో సరిదిద్దాడనీ, 44వ ఏట తన ప్రాణం తానే తీసుకున్నాడనీ పాఠకులు చాలామంది చదివే ఉంటారు. ఈ నాలుగు ముక్కలూ చెప్పింది క్రైస్తవ పండితుడు జెరోమ్, క్రీ.శ. 380 ప్రాంతంలో కూర్చిన కాలపట్టికలో. కవి పోయి అప్పటికి 400 ఏళ్ళు దాటింది. జెరోమ్ చెప్పిన పుట్టిన ఏడాదికి 44 కలిపితే చావు క్రీ.పూ. 50 దగ్గర పడుతుంది. వర్జిల్ జీవిత చరిత్ర ఒకటి 55 అంటుంది. జెరోమ్‌కు కొన్ని దశాబ్దాల ముందు ఇదే కావ్యం మీద విరుచుకుపడిన లాక్టాంటియస్‌కు ఈ పిచ్చి కథ తెలిసి ఉంటే వదిలేవాడు కాదు. ఆయన ఒక్క మాట అనలేదు. పైగా కావ్యం నాలుగో భాగం చివర కామం మనిషిని ఎలా వెర్రివాణ్ణి చేస్తుందో కవి ఘాటుగా రాశాడు. హెరాక్లిటస్‌కు నీరు పట్టినట్టే ఈయనకు మందు తగిలింది. 1868లో టెన్నిసన్ దీన్ని ఇంగ్లీషు కవితగా రాయడంతో కథకు మళ్ళీ ఊపిరి వచ్చింది.

సమకాలికుడి సాక్ష్యం ఒక్కటే ఉంది. క్రీ.పూ. 54 ఫిబ్రవరిలో సిసిరో తమ్ముడు క్వింటస్‌కు రాసిన ఉత్తరంలో లుక్రీషియస్ కవిత్వంలో ప్రతిభ మెరుపులూ ఉన్నాయి, పనితనమూ ఉంది అన్నాడు. అందులో పిచ్చి మాట లేదు, మందు మాట లేదు. కావ్యాన్ని తాను సరిదిద్దుతున్నట్టు కూడా లేదు. ఈ కవి జీవితం గురించి పేజీలకు పేజీలు నింపిన ముందుమాట మీ చేతికి వస్తే, అందులో ఏ వాక్యం ఆ ఉత్తరం నుంచి వచ్చిందో, ఏది జెరోమ్ నుంచి వచ్చిందో విడదీసుకుని చదవండి.