తలంబ్రాల ఫొటో వెనక కథ

పెళ్లి ఫొటోలు తీసే మిత్రుడొకరు తన పోస్టు చూపించారు. ‘రాత్రంతా కష్టపడ్డాం, మా టీమ్ అద్భుతం’ అని రాశారు. అందులో చదివేవాడు నేర్చుకునేది ఏమీ లేదు. ‘ఈ తలంబ్రాల ఫొటో ఎలా తీశారు?’ అని అడిగాను. అసలు కథ అప్పుడు బయటికొచ్చింది.

గింజలు గాలిలో ఆగినట్టు కనపడాలని ఆయన మొదట షట్టర్ 1/1000 పెట్టారు. మండపంలోని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటున్నాయి. కంటికి తెలియదు గానీ, ఫొటోల్లో అడ్డంగా నల్లటి చారలు పడ్డాయి. వధువు మొదటి దోసిలి అలా పోయింది.

తర్వాత షట్టర్ 1/100కి దించి, ఐఎస్ఓ తగ్గించి, ఫ్లాష్ పావు శక్తితో వాడారు. ఆ మెరుపు వెయ్యో వంతు సెకను కూడా ఉండదు. గింజల్ని ఆపింది అదే. చారలూ పోయాయి.

పొగడ్తలన్నీ కొట్టేసి, పోయిన దోసిలితో మొదలుపెట్టి, ఫ్లాష్ పద్ధతి ఒక్కటే ఉంచాం. ‘వధువు తల్లిదండ్రులు చదువుతారేమో’ అని ఆయన జంకారు. ముందు వాళ్లకు ఫోన్ చేసి చెప్పి, ఆ తర్వాతే పోస్టు పెట్టారు.