సిస్సు దాకా దారి తెరిచి ఉంటుందా?

రైలు టిక్కెట్టు 60 రోజుల ముందు తీసుకుంటాం. మనాలీలో మంచు ఏ రోజు పడుతుందో వాతావరణ శాఖ కాస్త నమ్మకంగా చెప్పగలిగేది నాలుగైదు రోజుల ముందు. సంక్రాంతి సెలవులకు పిల్లలకు మంచు కొండలు చూపిద్దామని చల్లపల్లి నుంచో అవనిగడ్డ నుంచో బయల్దేరే కుటుంబాల అవస్థంతా ఈ రెండు గడువుల మధ్య ఉన్న ఎడంలోనే ఉంది. టిక్కెట్లు తీసిన రోజున అక్కడి ఆకాశం సంగతి ఎవరికీ తెలియదు. తెలిసే సరికి టిక్కెట్లు మార్చుకునే వీలుండదు. ఆ ఎడాన్ని పూడ్చగలిగేవి ఖాళీగా వదిలిన రోజులు మాత్రమే. అవి ఎన్ని ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నది చెప్పాలంటే ముందు అక్కడ దారి ఎందుకు మూసుకుపోతుందో తెలియాలి.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే దారినే తీసుకుందాం. మనాలీ ఊరు సముద్ర మట్టానికి 2,050 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి సోలంగ్ మీదుగా పైకి వెళ్తే అటల్ టన్నెల్ వస్తుంది. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన ఈ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. రోహ్తాంగ్ కనుమ కింద కొండను తొలుచుకుంటూ లాహౌల్ లోయలోకి తేలుతుంది. అవతల కొద్ది దూరంలోనే సిస్సు. సొరంగం రాకముందు చలికాలంలో లాహౌల్‌కు రోడ్డు దారి నెలల తరబడి ఉండేది కాదు. ఇప్పుడు జనవరిలో కూడా పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అయితే మంచు పడనిది సొరంగం లోపలే. సొరంగం దాకా తీసుకెళ్ళే రోడ్డు మీద పడుతుంది. సోలంగ్ నుంచి ధుండీ మీదుగా దక్షిణ ద్వారం వరకు ఉన్న దారి నిలువు వాలుల కింద నుంచి పోతుంది. మూసుకుపోయేది ముఖ్యంగా ఆ ముక్కే.

మంచు తెచ్చేది పశ్చిమ అలజడి. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, పై గాలుల మీద ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌లు దాటుకుంటూ హిమాలయాలకు వచ్చి తగులుతుంది. దివిసీమ వాళ్ళకు తుపాను ఎలా వస్తుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు రేడియోలో, ఇప్పుడు ఫోన్లో, హెచ్చరిక ముందు వస్తుంది, గాలి తరవాత వస్తుంది. ఇదీ అలాంటిదే గానీ, తుపాను మనకు ఏడాదికి ఒకటో రెండో వస్తే పశ్చిమ అలజడులు చలికాలంలో నెలకు నాలుగు నుంచి ఆరు వస్తాయి. అంటే సగటున ఐదారు రోజులకొకటి. అన్నీ గట్టిగా కురవవు. కొన్ని మబ్బు పట్టించి పోతాయి. కానీ ఐదు రోజులు మనాలీలో ఉండబోయేవాళ్ళు ఒక అలజడి తమకు ఎదురవుతుందనే లెక్క వేసుకోవాలి. ఎదురు కాకపోతే అదృష్టం.

చాలామంది పొరబడేది ఇక్కడే. మంచు ఆగి ఎండ కాసింది కాబట్టి దారి తెరుచుకుందనుకుంటారు. పెద్ద మంచు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులే వాలుల మీద అది జారిపడే ప్రమాదం ఎక్కువ. కొత్త పొర పాత పొరకు ఇంకా అంటుకుని ఉండదు. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద దాని బరువే దాన్ని కిందికి లాగుతుంది. చండీగఢ్‌లోని రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఈ హిమపాత ప్రమాదం మీద రోజూ సూచనలిస్తుంది. నీలాకాశం కింద కూడా పోలీసులు సోలంగ్ దగ్గరో, ఇంకా కిందనున్న నెహ్రూ కుండ్ దగ్గరో బళ్ళు ఆపేస్తారంటే కారణం చాలాసార్లు అదే. వాళ్ళతో వాదించి లాభం లేదు.

రెండో కారణం కంటికి కనపడదు. పగలు ఎండకు మంచు కరిగి రోడ్డు మీదుగా పారుతుంది. లోయలో సూర్యుడు తొందరగా కొండ చాటుకు పోతాడు. ఆ నీరు గాజు పలకలా గడ్డకడుతుంది. కింది తారు కనిపిస్తూనే ఉంటుంది కనుక డ్రైవరు దాన్ని తడి అనుకుంటాడు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు బ్రేకు వేశాక పొడి తారు మీద సుమారు 5 మీటర్లలో ఆగుతుంది. ఆ గడ్డ మీద అదే కారుకు సుమారు 35 మీటర్లు కావాలి. నాలుగు చక్రాలూ తిప్పే బండి ఎక్కాం, ఇక భయం లేదనుకోవడం సరికాదు. నాలుగు చక్రాలకూ అందే ఇంజను శక్తి బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. ఆపేటప్పుడు ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి; పట్టు లేనిది రోడ్డుకు. టైర్లకు గొలుసులు కడితే కొంత పట్టు దొరుకుతుంది. బండి మాట్లాడుకునేటప్పుడు గొలుసులున్నాయా అని అడగడం కన్నా తీసి చూపించమనడం మంచిది.

2024 డిసెంబరు 27న మంచు కురవడంతో సోలంగ్ దగ్గర సుమారు 1,000 వాహనాలు చిక్కుకుపోయాయి. వాటిలో సుమారు 5,000 మంది యాత్రికులున్నారని, వాళ్ళను బయటికి తెస్తున్నామని కుల్లు పోలీసులు ప్రకటించారు. అంతకన్నా ఘోరం 2022 జనవరి 7, 8 తేదీల్లో పాకిస్తాన్‌లోని ముర్రీలో జరిగింది. మంచు చూడ్డానికి వచ్చి కార్లలో చిక్కుకున్నవాళ్ళలో 20 మందికి పైగా ఒక్క రాత్రిలో చనిపోయారు. చలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా ప్రాణాలు తీసింది. హీటరు కోసం ఇంజను నడుస్తూ ఉంటుంది, పడుతున్న మంచు వెనక పొగ గొట్టాన్ని మూసేస్తుంది, పొగ లోపలికి తిరుగుతుంది. ఆ వాయువుకు వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. చలికి నిద్ర వస్తోందని అనుకుంటారు. ఎప్పుడైనా చిక్కుకుంటే ముందు దిగి పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వాలి. ఇంజను గంటకు ఓ పది నిమిషాలే నడపాలి. గాలి వీచే వైపు కాకుండా రెండో వైపు అద్దం అంగుళం దించి ఉంచాలి. గది తలుపులు బిగించుకుని లోపల బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఇదే ప్రమాదం.

ఇక రోజుల లెక్క. పది రోజుల సెలవు ఉందనుకుందాం. మొదటి రోజు విజయవాడలో రైలెక్కితే రెండో రోజు ఢిల్లీ. ఆ రాత్రి బస్సెక్కితే మూడో రోజు పొద్దుటికి మనాలీ. ఆ పూట విశ్రాంతి. సిస్సు వెళ్ళేది నాలుగో రోజు. సాధారణంగా ప్యాకేజీలవాళ్ళు ఊళ్ళో గుళ్ళూ బజారూ ముందు చూపించి సిస్సును చివరికి పెడతారు. నా ఉద్దేశంలో అది తిరగేయాలి. దారి తెరిచి ఉన్న మొదటి రోజే పైకి వెళ్ళిరావాలి. నాలుగో రోజు కుదరకపోతే ఐదు, అదీ కాకపోతే ఆరు. మంచు ఆగాక దారి శుభ్రం చేసి తెరవడానికి ఒకటి రెండు రోజులు పట్టడం మామూలే కనుక ఒక్క ఖాళీ రోజు చాలదు, రెండు కావాలి. ఆ రెండు రోజులూ గదిలో కూర్చోనక్కర్లేదు. రోడ్డు బాగుంటే కిందనే ఉన్న నగ్గర్ వెళ్ళి చిత్రకారులైన రోరిక్‌ల ఇల్లు చూడవచ్చు. మన వాల్తేరులో పుట్టిన సినీతార దేవికారాణి ఆ ఇంటి కోడలు. వశిష్ఠ్ వేడినీటి ఊట, హిడింబ గుడి మనాలీ పక్కనే. సిస్సులో రాత్రి బసకు మాత్రం జనవరిలో నేను ఓటు వెయ్యను. తెల్లారేసరికి దారి మూస్తే మీ ఖాళీ రోజులన్నీ సొరంగానికి అవతల ఖర్చవుతాయి. మధ్యాహ్నం మూడింటికల్లా సొరంగం ఇవతలికి రావాలన్నది నియమంగా పెట్టుకుంటే రోడ్డు గడ్డకట్టే వేళకు మనాలీలో ఉంటారు.

ఖాళీ రోజు ఇంకొకటి కావాలి, అది వేరే చోట ఉండాలి. గట్టిగా మంచు పడితే మనాలీ ఊరి రోడ్డే కప్పబడిపోయి, పెద్ద బస్సులు కింద పత్లీకుహల్ దగ్గరే ఆగిపోతాయి. అందుకని ఏడో రోజు సాయంత్రం మనాలీ వదిలి, ఎనిమిదో రోజు ఢిల్లీలో ఖాళీగా ఉంచుకుని, తొమ్మిదో రోజు రైలెక్కడం మేలు. పైన దాచిన రోజులు సిస్సు చూడ్డానికి, కింద దాచిన రోజు రైలు అందుకోవడానికి. రెండూ ఒకే చోట పెడితే ఒకదానికే పనికొస్తాయి. బస్సు దిగిన పూటే ఢిల్లీలో రైలెక్కే పథకం వేసినవాళ్ళు మంచు పడుతుంటే ఆనందించలేరు.

బట్టల సంగతికొస్తే, బీరువాలో ఉన్న అన్నిటికన్నా మందపాటి స్వెట్టరు తీసుకెళ్తే చాలనుకుంటాం. వెచ్చదనం ఇచ్చేది స్వెట్టరు దారాల మధ్య కదలకుండా నిలిచిన గాలి. గాలి వేడిని చాలా నెమ్మదిగా పోనిస్తుంది. నీరు దానికి 20 రెట్లకు పైగా వేగంగా పోనిస్తుంది. కాబట్టి బట్ట తడిసిందంటే వెచ్చదనం పోయినట్టే. మన ఎండల్లో ప్రాణం కాపాడే నూలు బనియను అక్కడ శత్రువు. పిల్లలతో మంచు ముద్దలు విసురుకుంటూ చెమట పడితే నూలు దాన్ని పీల్చుకుని ఒంటికి అంటిపెట్టుకుంటుంది. ఆట ఆపి కూర్చున్న పావుగంటకు వణుకు మొదలవుతుంది. జీన్సు ప్యాంటు అంతకన్నా నయం కాదు, మోకాళ్ళ దాకా తడిసి ఆరదు.

అందుకే ఒంటికి ఆనే పొర ఉన్నిది గానీ పాలియెస్టర్ థర్మల్ గానీ కావాలి. అది చెమటను బయటికి తోస్తుంది. దాని మీద గాలిని పట్టి ఉంచే పొర, ఉన్ని స్వెట్టరో ఫ్లీసో. అన్నిటికీ పైన గాలినీ నీటినీ ఆపే జాకెట్టు. ఈ పై పొర ఎందుకంటే, సున్నాకు 5 డిగ్రీలు తక్కువున్న చోట గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి అది సున్నాకు 13 డిగ్రీలు తక్కువున్నంత చలి. నడిచేటప్పుడు చెమట పట్టకముందే మధ్య పొర తీసేయాలి, ఆగగానే వేసుకోవాలి. పొరలు విడివిడిగా ఉండటంలో లాభం అదే. పై పొరా బూట్లూ కొనక్కర్లేదు, మనాలీ నుంచి సోలంగ్ పోయే దారిలో అద్దెకిస్తారు. బూట్లలో వేళ్ళు ఆడేంత చోటుండాలి. ఇరుకు బూట్లలో రెండు జతల సాక్సులు బిగిస్తే రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. చంకనెత్తుకున్న పసిపిల్ల కదలదు కనుక వేడి పుట్టదు. మీకు వెచ్చగా ఉందని ఆమెకూ ఉందనుకోకండి. వేళ్ళు తెల్లబడి స్పర్శ తెలియకపోతే రుద్దకుండా, గోరువెచ్చని నీటిలోనో చంకలోనో వెచ్చబరచాలి. మాట ముద్దగా వస్తూ, అప్పటిదాకా ఉన్న వణుకు ఆగిపోతే అది తగ్గినట్టు కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిన స్థితి.

ఈ పొరలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలంటే డిసెంబరులో ఒక తెల్లవారుజామున లంబసింగి కొండ మీద రెండు గంటలు నడిచి చూడండి. లోపమేదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. మనాలీలో దిగాక రోజూ రాత్రి సిమ్లా వాతావరణ కేంద్రం బులెటిన్ చూడండి. మర్నాటికి ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఇచ్చి ఉంటే సొరంగం వైపు బండి మాట్లాడుకోకండి. హిమాచల్‌లో జిల్లా విపత్తు సహాయానికి 1077, ఏ అత్యవసరానికైనా 112. ఈ రెండు నంబర్లూ ఫోన్లోనే కాక ఒక కాగితం మీద కూడా రాసి పెద్దవాళ్ళ జేబులో ఉంచండి, ఆ చలికి ఫోను బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.