శిశువు మలం సుద్దరంగులో ఉందా? కాలేయ పరీక్షకు వారాల గడువే

రాయ్‌పూర్: ఐదు వారాల పాప. చక్కగా పాలు తాగుతోంది, బరువూ పెరుగుతోంది. కళ్లలో పసుపు మాత్రం పోలేదు. మలం సుద్దలా పాలిపోయింది, మూత్రం గుడ్డకు పసుపు మరక వేస్తోంది. పాప హుషారుగా ఉండడంతో ఇంట్లోవారు ఉదయపు ఎండ చూపిస్తూ కాలం గడుపుతారు. ప్రమాదమంతా ఆ నిరీక్షణలోనే ఉంది.

మలానికి పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు కాలేయం నుంచి పేగుల్లోకి దిగే పైత్యరసం వల్ల వస్తాయి. మలం తెల్లబడిందంటే ఆ రసం దిగడం లేదన్నమాట. అప్పుడు బిలిరుబిన్ రక్తంలోకి మళ్లి, మూత్రంలో బయటపడుతుంది. అందుకే నీళ్లలా ఉండవలసిన పసికందు మూత్రం ముదురు రంగుకు మారుతుంది.

దీనికి గల కారణాల్లో తక్షణం తేల్చవలసింది బిలియరీ అట్రీసియా. ఇందులో కాలేయం వెలుపలి పైత్యనాళాలు వాచి, పూడుకుపోతాయి. నిలిచిన రసం కాలేయాన్ని కొద్దికొద్దిగా గట్టిపరుస్తుంది. మొదటి వారాల్లో మలానికి కొంత రంగు ఉండి క్రమంగా వెలిసిపోవచ్చు కనుక, ఒకసారి బాగుందని నిశ్చింతగా ఉండరాదు.

పుట్టిన 2 వారాలు దాటినా కామెర్లు తగ్గకపోతే రక్తంలో మొత్తం బిలిరుబిన్‌తో పాటు డైరెక్ట్ బిలిరుబిన్ కూడా కొలవాలి. పై పాపకు మొత్తం 8, డైరెక్ట్ 5 మిల్లీగ్రాములు వచ్చాయనుకుందాం. డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము దాటిన డైరెక్ట్ బిలిరుబిన్ సాధారణ కామెర్లది కాదు. ఎండ గానీ, నీలికాంతి చికిత్స గానీ దాన్ని తగ్గించలేవు. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు. తర్వాత పాలు ఆపిన కొన్ని గంటలకు అల్ట్రాసౌండ్ తీసి పిత్తాశయాన్ని పరిశీలిస్తారు. అది మామూలుగా కనిపించినంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేరు. అవసరమైతే కాలేయపు ముక్క పరీక్ష చేస్తారు. చివరి నిర్ధారణ శస్త్రచికిత్స బల్లపై నాళాల్లోకి రంగుద్రవం ఎక్కించి తీసే ఎక్స్‌రేతో జరుగుతుంది. పైత్యరసం లేనిదే విటమిన్ కె ఒంటబట్టదు కాబట్టి రక్తస్రావం కాకుండా ఆ సూదిమందు ముందే ఇస్తారు.

వ్యాధి తేలితే చేసేది కసాయ్ శస్త్రచికిత్స. పేరు విని జంకనక్కర్లేదు, అది జపాన్ శస్త్రవైద్యుడు మోరియో కసాయ్ ఇంటిపేరు. పూడిన నాళాలు తొలగించి, చిన్నపేగును నేరుగా కాలేయానికి కలుపుతారు. 60 రోజుల లోపు చేస్తే రసం పారే అవకాశం ఎక్కువ; ఆలస్యమైన కొద్దీ తగ్గుతుంది. సకాలంలో చేసినా అందరిలోనూ ఫలించదు. అప్పుడు కాలేయ మార్పిడే దిక్కు. 1998లో ఢిల్లీలో ఈ వ్యాధి ఉన్న 20 నెలల బాలుడికి తండ్రి కాలేయ భాగం అమర్చారు. దేశంలో పిల్లల్లో విజయవంతమైన తొలి కాలేయ మార్పిడి అదే.

తైవాన్‌లో 2004 నుంచి తల్లులకు మలం రంగుల కార్డు ఇస్తున్నారు. కార్డు లేనిచోట మలం ఉన్న గుడ్డను పగటి వెలుగులో ఫొటో తీసి వైద్యుడికి చూపవచ్చు. రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉంది. పై పాపకు 35 రోజులు నిండాయి కనుక, పరీక్షలన్నీ ముగించి శస్త్రచికిత్స చేయడానికి మిగిలిన వ్యవధి 25 రోజులే.