నీలం రంగు ఎన్ని సెకన్లకు వచ్చింది?

గాజు కుప్పెలో రెండు ద్రావణాలు కలుస్తాయి. రెండూ నీళ్లలా తేటగా ఉంటాయి. కలిపాక కూడా చాలాసేపు ఏ మార్పూ కనిపించదు. ఒక నిమిషం గడుస్తుంది, రెండోదీ గడుస్తుంది. ఉన్నట్టుండి కుప్పె మొత్తం ముదురు నీలం అయిపోతుంది. అయోడిన్ గడియారం అని పేరున్న ఈ ప్రయోగం మన ప్లస్ టూ, డిగ్రీ విద్యార్థులకు పరిచయమే. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి ప్రయోగాల్లోనూ ఇది ఉంది. రంగు మారడం చూసి అందరూ ఆనందిస్తారు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. రికార్డులో రాసుకున్న సెకన్లను చూసి ఈ చర్య క్రమాంకం ఎంతో చెప్పాలి.

క్రమాంకం అంటే ఒక పదార్థం గాఢత మారినప్పుడు చర్య వేగం ఎంత గట్టిగా స్పందిస్తుందో చెప్పే అంకె. గాఢత రెట్టింపు చేసినా వేగం కదలకపోతే ఆ పదార్థం విషయంలో క్రమాంకం సున్నా. వేగం కూడా రెట్టింపైతే ఒకటి. నాలుగింతలైతే రెండు. నిర్వచనం ఇంతే. చిక్కేమిటంటే, ఈ అంకెను సమీకరణంలోంచి ఏరుకోవచ్చని చాలామంది అనుకుంటారు. ఈ చర్య సమీకరణం ఇది:

H₂O₂ + 2I⁻ + 2H⁺ → I₂ + 2H₂O

అయోడైడ్ ముందు 2 ఉంది కాబట్టి దాని క్రమాంకం రెండేనని పరీక్షలో రాసేసే పిల్లలు తక్కువేమీ కాదు. సమీకరణం చెప్పేది మొత్తం లెక్క మాత్రమే, అంటే ఎంత ఖర్చయి ఎంత తయారైందన్నది. దారిలో ఏ మెట్టు నెమ్మదిగా నడిచిందో అది చెప్పదు. వేగాన్ని నిర్ణయించేది ఆ నెమ్మది మెట్టే. అందుకే క్రమాంకాన్ని కొలిచి తెలుసుకోవాలి తప్ప ఊహించకూడదు.

కొలత వెనకున్న ఉపాయం అందమైనది. హైడ్రోజన్ పెరాక్సైడ్, అయోడైడ్ కలిసిన క్షణం నుంచే అయోడిన్ పుడుతూ ఉంటుంది. కానీ కుప్పెలో ముందే కొద్దిగా సోడియం థయోసల్ఫేట్ పోసి ఉంచుతారు. పుట్టిన అయోడిన్‌ను అది వెంటనే పట్టుకుని మళ్లీ అయోడైడ్‌గా మార్చేస్తుంది. థయోసల్ఫేట్ అయిపోయిన మరుక్షణం అయోడిన్ మిగిలిపోయి, గంజి ద్రావణంతో కలిసి నీలం రంగు ఇస్తుంది. కాబట్టి నీలం వచ్చేసరికి తయారైన అయోడిన్ ప్రతిసారీ ఒకే మొత్తం. ఆ మొత్తం ఎంతసేపట్లో తయారైందన్నదే ప్రశ్న. సమయం తగ్గిందంటే వేగం పెరిగిందన్నమాట. అందుకే వేగానికి బదులుగా 1/t వాడుకోవచ్చు. 1860లలో ఆక్స్‌ఫర్డ్‌లో హార్కోర్ట్, ఎస్సన్ ఇదే చర్యను పరిశీలించారు. థయోసల్ఫేట్‌ను కొలిచి కొద్దికొద్దిగా వేస్తూ, నీలం మళ్లీ మళ్లీ ఎప్పుడు వస్తుందో వాళ్లు లెక్క కట్టారు. ఒకరు రసాయనవేత్త, మరొకరు గణితవేత్త. ఈ ప్రయోగానికి కావలసిన జోడీ అదే.

ఇక అంకెల్లోకి వెళ్దాం. ప్రతి కుప్పెలోనూ మొత్తం ద్రావణం 100 మిల్లీలీటర్లు. అందులో 0.1 మోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 మి.లీ., 0.005 మోలార్ థయోసల్ఫేట్ 10 మి.లీ., ఆమ్లత మారకుండా చూసే అసిటేట్ బఫర్ 20 మి.లీ., గంజి ద్రావణం 5 మి.లీ. ఈ నాలుగూ మారవు. మారేది 0.1 మోలార్ పొటాషియం అయోడైడ్ ఒక్కటే. మొదటి కుప్పెలో 10 మి.లీ., తర్వాతి వాటిలో 20, 30, 40. ఎక్కడ ఎంత తక్కువైతే అంత నీళ్లు కలిపి నూరుకు తేవాలి. పెరాక్సైడ్‌ను అన్నిటికన్నా చివర పోసి, పోసిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కాలి.

25 డిగ్రీల దగ్గర జాగ్రత్తగా చేస్తే ఎలాంటి సమయాలు వస్తాయో ఉదాహరణకు చూద్దాం. మొదటి కుప్పెకు 216 సెకన్లు, రెండోదానికి 110, మూడోదానికి 71, నాలుగోదానికి 55. వీటిని ఉన్నవి ఉన్నట్టుగా గాఢతకు ఎదురుగా గ్రాఫ్ గీస్తే కిందికి వంగే గీత వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. గీత వంగింది కాబట్టి క్రమాంకం రెండేమో అని ఒకరు, దిగుతోంది కాబట్టి రుణ క్రమాంకమేమో అని ఇంకొకరు అనుకుంటారు. రెండూ తప్పే. అది సమయం గ్రాఫ్, వేగం గ్రాఫ్ కాదు. ప్రతి సమయాన్నీ తలకిందులు చేస్తే 0.00463, 0.00909, 0.01408, 0.01818 వస్తాయి. ఇప్పుడు మొదటి అంకెతో మిగిలినవాటిని భాగించండి. 1.96, 3.04, 3.93. అయోడైడ్ రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అయినప్పుడు వేగం కూడా దాదాపు అంతే పెరిగింది. గ్రాఫ్ మీద చుక్కలు నేరు గీత మీద కూర్చుంటాయి, ఆ గీత సున్నా బిందువు గుండా పోతుంది. అయోడైడ్ విషయంలో క్రమాంకం ఒకటి. సమీకరణంలో ఉన్న 2కు ఇక్కడ చోటే లేదు.

లాగరిథమ్‌లు వాడేవాళ్లకు ఇంకో దారి ఉంది. వేగాల నిష్పత్తి లాగ్‌ను గాఢతల నిష్పత్తి లాగ్‌తో భాగిస్తే క్రమాంకం నేరుగా వస్తుంది. మొదటి, నాలుగో కుప్పెలు తీసుకుంటే 0.99 అవుతుంది. మొదటి రెండూ తీసుకుంటే 0.97. ఈ 0.97ను చూసి కంగారు పడనక్కర్లేదు. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కే ప్రయోగంలో నూటికి నాలుగైదు వంతుల తేడా మామూలే. అంతటి తేడా ఉన్నా క్రమాంకం ఒకటా, రెండా అన్నది తేలికగా తెలుస్తుంది, ఎందుకంటే రెట్టింపుకు, నాలుగింతలకు మధ్య చాలా దూరం ఉంది. ఒకటా, 1.1ఆ అంటే మాత్రం ఈ పరికరాలతో చెప్పలేం.

ఇప్పుడు అయోడైడ్‌ను 10 మి.లీ. దగ్గరే ఉంచి, పెరాక్సైడ్‌ను 20 మి.లీ. చేస్తే నీలం 107 సెకన్లకు వచ్చిందనుకుందాం. 216ను 107తో భాగిస్తే 2.02. పెరాక్సైడ్ విషయంలోనూ క్రమాంకం ఒకటే. ఒకసారికి ఒక్కటే మార్చాలన్న నియమం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. రెండింటినీ ఒకేసారి రెట్టింపు చేసి ఉంటే వేగం నాలుగింతలయ్యేది. ఆ నాలుగు ఒకటి, ఒకటి కలిసి వచ్చిందా, లేక ఒకదానికి రెండు, మరోదానికి సున్నా వల్ల వచ్చిందా అన్నది చెప్పే దారి ఉండేది కాదు.

నీళ్లు కలిపి నూరుకు తేవడం చిన్న పనిలా కనిపిస్తుంది. దాన్ని మరిచిపోతే ఏమవుతుందో చూడాలి. నీళ్లు లేకపోతే మొదటి కుప్పెలో ఉండేది 55 మి.లీ., నాలుగోదానిలో 85 మి.లీ. మొదటిదానిలో అన్నీ చిక్కబడ్డాయి కాబట్టి నీలం 216 బదులు 119 సెకన్లకే వస్తుంది. నాలుగోదానికి 47 సెకన్లు పడుతుంది. అయోడైడ్ నాలుగింతలు పోసినా వేగం 2.5 రెట్లే పెరిగినట్టు కనిపిస్తుంది. లాగ్ లెక్క వేస్తే క్రమాంకం 0.7 దగ్గర తేలుతుంది. అయోడైడ్‌తో పాటు పెరాక్సైడ్, థయోసల్ఫేట్ గాఢతలూ ప్రతి కుప్పెలో మారిపోయాయి. రికార్డులో మాత్రం అయోడైడ్ ఒక్కటే మారినట్టు ఉంటుంది. ఇలాంటి దశాంశం వచ్చినప్పుడు ముందుగా కుప్పెల మొత్తం ఘనపరిమాణాన్ని చూడాలి.

రెండో అనుమానం ఉష్ణోగ్రత మీద పడాలి. ఈ చర్య వేగం 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుంది. 3 డిగ్రీలు పెరిగినా చాలు, వేగం ఐదో వంతుకు పైగా ఎగబాకుతుంది. మన ఊళ్లలో ఉదయం మొదలుపెట్టిన ప్రయోగం మధ్యాహ్నానికి పూర్తయ్యేసరికి గది అంతమాత్రం వేడెక్కడం వింతేమీ కాదు. తక్కువ గాఢత కుప్పెలన్నీ ఉదయం, ఎక్కువ గాఢతవి మధ్యాహ్నం చేస్తే ఎండ కూడా క్రమాంకంలో కలిసిపోతుంది. కుప్పెలను ఒకే నీళ్ల తొట్టిలో ఉంచడం, గాఢతల వరుసను కలగాపులగం చేయడం, చివర్లో మొదటి కుప్పెను మరోసారి చేసి చూడడం మంచి అలవాట్లు. ఆ చివరి సమయం కూడా 216 దగ్గరే వస్తే ఉష్ణోగ్రత కదల్లేదని, పెరాక్సైడ్ బలం తగ్గలేదని ఒకేసారి తెలుస్తుంది. పెరాక్సైడ్ నిలవ ఉంటే తనంతట తాను విడిపోతూ పలచబడుతుంది కాబట్టి నిన్నటి అంకెలను ఇవాళ్టి అంకెలతో కలపకూడదు.

థయోసల్ఫేట్ కొద్దిగానే ఎందుకు పోయాలన్న ప్రశ్న మిగిలింది. పై కొలతల ప్రకారం నీలం వచ్చేసరికి పెరాక్సైడ్‌లో నూటికి రెండున్నర వంతులే ఖర్చవుతుంది. అయోడైడ్ అయితే థయోసల్ఫేట్ పుణ్యాన తిరిగి వచ్చేస్తూనే ఉంటుంది. అందువల్ల కొలిచినంతసేపూ గాఢతలు దాదాపు మొదట్లో ఉన్నట్టే ఉంటాయి. థయోసల్ఫేట్ ఎక్కువ పోస్తే పెరాక్సైడ్ చాలావరకు ఖర్చయ్యాక గానీ నీలం రాదు. అప్పుడు 1/t మొదటి వేగాన్ని కాకుండా ఏదో సగటును చూపిస్తుంది.

అన్ని దశాంశాలూ తప్పు వల్లే రావు. బఫర్ బదులు సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడి, హైడ్రోజన్ అయాన్ గాఢతను 0.05 నుంచి 0.1 మోలార్‌కు పెంచితే వేగం 1.4 రెట్లు పెరుగుతుంది. లెక్క ప్రకారం ఆమ్లం క్రమాంకం దాదాపు సగం. ఇక్కడ కొలత సరైనదే. ఈ చర్య రెండు దారుల్లో నడుస్తుంది. ఒక దారికి ఆమ్లంతో పనిలేదు, రెండో దారి వేగం ఆమ్లం గాఢతతో పాటు పెరుగుతుంది. బఫర్‌లో ఆమ్లత చాలా తక్కువ కాబట్టి మొదటి దారి ఒక్కటే కనిపించి, క్రమాంకం సున్నా అవుతుంది. దాదాపు 0.066 మోలార్ దగ్గర రెండు దారులూ సమానంగా పనిచేస్తాయి. దీన్ని పట్టుకోవడానికి వేగాన్ని ఆమ్లం గాఢతకు ఎదురుగా గీస్తే చాలు. నేరు గీతే వస్తుంది, కానీ సున్నా దగ్గర మొదలవదు. నిలువు అక్షాన్ని అది తాకే ఎత్తు ఆమ్లం అక్కర్లేని దారి వేగం, గీత వాలు రెండో దారి బలం.