ప్రకటనల లెక్క గల్లాపెట్టె దగ్గరే తేలుతుంది

ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే వ్యాపారి ఒక నెలలో ప్రకటనలకు మెటాలో 2 లక్షలు, గూగుల్‌లో లక్ష పెట్టాడనుకుందాం. 8 లక్షల అమ్మకాలు తనవల్లేనంటుంది మెటా, 5 లక్షలు తనవంటుంది గూగుల్. కలిపితే 13. ఆ నెల వచ్చిన ఆర్డర్లు మాత్రం 9 లక్షలే! ఇన్‌స్టాగ్రామ్‌లో ఆవకాయ చూసి, రాత్రికి గూగుల్‌లో ఆ పేరు వెతికి కొన్నవాళ్లను రెండూ తమ ఖాతాలో రాసుకున్నాయి.

అందుకే మొత్తం బడ్జెట్ పెంచాలా అన్నప్పుడు నేను 9ని 3తో భాగించిన లెక్కనే నమ్ముతాను. ఖర్చు 4 లక్షలైతే అమ్మకం 10కే చేరిందా? అదనపు లక్షకు లక్షే వచ్చింది. సరుకు ఖర్చు కూడా గిట్టదు.

పండగ గిరాకీ, పాత కస్టమర్లు ఈ నిష్పత్తిని పెంచేస్తారు, జాగ్రత్త. ఏ ప్రకటన పనిచేస్తోందో కూడా ఇది చెప్పదు. అది తెలియాలంటే కొన్ని జిల్లాల్లో ఒకదాన్ని ఆపి, అక్కడ అమ్మకాలు పడిపోయాయేమో చూడాలి.